"దల్లా దల్లా"లో డాలర్ ఉందా, లేదా?

నిద్రపట్టని_కాకి
కొరియా అమ్మాయిల పాప్ గ్రూపు ఇట్జీ వాళ్ల మొదటి పాట DALLA DALLA మీద మా ఇంట్లో మూడు రోజులుగా గొడవ. పల్లవిలో "నన్ మ్వొంగా దల్లా దల్లా, నన్ నొరాంగ్ దల్లా దల్లా" అని వస్తుంది కదా. నాకు తెలిసి దల్లా అంటే వేరు, భిన్నం అని. మా చెల్లి ఏదో రీల్ చూసొచ్చి ఇది మూడర్థాల శ్లేష అంటోంది: ఒకటి వేరు, రెండోది డాలర్, మూడోది "నాకివ్వు". నిజంగా కొరియా వాళ్ల చెవికి ఈ మూడూ తగులుతాయా, లేక రీల్ వాడి పైత్యమా?

కారప్పూస
మీ చెల్లే కరెక్ట్. డాలర్‌ని వాళ్లు "దల్లొ" అంటారు, పాతకాలం వాళ్లైతే నొక్కి "త్తల్లా" అనేవారు. వాళ్ల పాత సీరియల్ ఒకదాంట్లో హీరో అమెరికా సైన్యం వాళ్లతో కూలి బేరమాడుతూ "సా త్తల్లా!", అంటే నాలుగు డాలర్లు, అని మొండికేసే సీను ఉంది, అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలిసిన మీమ్ అది. అలాంటి దేశంలో "దల్లా దల్లా" అని పాట పెట్టి డాలర్ గుర్తు రాకూడదంటే ఎలా? పైగా పక్కనే ఇంగ్లిషులో "ఐ లవ్ మైసెల్ఫ్" అని ఉంది. ఇంగ్లిషు మూడ్‌లో ఉన్న చెవికి దల్లా అంటే ఇంకేం వినపడుతుంది? ఇవ్వు అనే అర్థం కూడా నిఘంటువులో ఉంది, నేనే చూశాను.

టోలీచౌకీ_చాయ్
మీ గొడవ సరే, మా ఇంట్లో ఈ పాట పెట్టడానికే లేదు. హైదరాబాదులో దల్లా అంటే ఎంత పెద్ద తిట్టో తెలుసు కదా. మా అమ్మాయి హాల్లో డాన్స్ ప్రాక్టీస్ చేస్తుంటే మా మామగారు సగం తింటున్న బిర్యానీ వదిలేసి లేచొచ్చారు, "పిల్లని ఎవడే తిడుతున్నాడు" అని. ఇప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాత్రమే. నాలుగో అర్థంగా రాసుకోండి.

పెనుకొండ_దుబాసీ
నేను పెనుకొండ దగ్గర కార్ల ప్లాంటులో కొరియా ఇంజనీర్లకీ మనవాళ్లకీ మధ్య మాటలు అటూ ఇటూ మోసే పని చేస్తాను. ఈ దల్లా చేతిలో ఒకసారి నా పరువు పోయింది కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

చేరిన కొత్తలో ఒక ఇంజనీరుగారు చేతిలో బ్రాకెట్ పట్టుకుని "దోమ్యొన్‌హాగో దల్లాయో" అన్నారు. దోమ్యొన్ అంటే డ్రాయింగ్. ఫ్యాక్టరీ మోతలో నాకు చెవినపడింది దోమ్యొన్, దల్లా, ఈ రెండే. డ్రాయింగ్ ఇమ్మంటున్నారనుకుని అవతలి షెడ్డు దాకా పరిగెత్తి తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన ఆ కాగితం వంకా నా వంకా చూసి, ఏమీ అనకుండా బ్రాకెట్‌లోని రంధ్రం మీద వేలు పెట్టి చూపించారు. ఆయన అన్నది "ఇది డ్రాయింగ్‌లో ఉన్నట్టు లేదు, వేరుగా ఉంది" అని. నేను వదిలేసింది మధ్యలో ఉన్న "హాగో". మొత్తం అర్థం ఆ ముక్కలోనే ఉంది.

వేరు అనే మాటకి కొరియన్‌లో "తో" కావాలి. మనం "నాకూ నీకూ తేడా" అంటామే, వాళ్లు "నీతో వేరు" అంటారు. ఆ "తో" కోసం హాగో అన్నా రాంగ్ అన్నా ఒకటే. పాటలో రెండో పాదం "నన్ నొరాంగ్ దల్లా": నన్ అంటే నేనైతే, నొ అంటే నువ్వు, రాంగ్ అంటే తో. నేనైతే నీలా కాదు, అంతే. అక్కడ ఇవ్వు పెడితే "నేనైతే నీతో ఇవ్వు" అవుతుంది. డాలర్ పెడితే "నేనైతే నీతో డాలర్". వినేవాడి బుర్ర ఆ దారిలో రెండడుగులు కూడా వెయ్యదు.

ఇవ్వు అనే దల్లా ఉన్న మాట నిజమే, కారప్పూస గారు తప్పు చూడలేదు. కానీ ఎదురుగా ఉన్న మనిషిని అడగడానికి దాన్ని ఎవరూ వాడరు, "జుసేయో" అంటారు. దల్లా వచ్చేది రెండు చోట్ల. ఫలానావారు ఇమ్మన్నారు అని మాట చేరవేసేటప్పుడు "దల్లాగో" అవుతుంది. లేదా ఊరేగింపుల్లో "జాయురుల్ దల్లా", స్వేచ్ఛ ఇవ్వండి, అన్న తరహా నినాదం. అక్కడ కూడా ఇవ్వాల్సిన వస్తువు వెనకాల "రుల్" తోక వేలాడుతుంది. పాటలో ఆ తోక లేదు.

కారప్పూస
సరే రెండో పాదం ఒప్పుకున్నా. మరి మొదటి పాదం? "నన్ మ్వొంగా దల్లా". మ్వొంగా అంటే "ఏదో". మాట్లాడేటప్పుడు వాళ్లు ఆ రుల్ తోక వదిలేస్తూనే ఉంటారు. అప్పుడు "ఏదో ఒకటి ఇవ్వు" అయిపోయిందిగా!

పెనుకొండ_దుబాసీ
పట్టుకున్నారు, ఈ పాదమే కొంచెం ఇరుకైనది. కాగితం మీద పెట్టి లాగితే మీరన్నట్టు సాగుతుంది. కానీ ముందు "నన్" ఉంది చూడండి, అది "నేనైతే" అని మొదలుపెట్టి, తర్వాత చెప్పేదంతా నా గురించే అని కట్టేస్తుంది. "నేనైతే ఏదో ఇవ్వు" అనరు. పైగా మ్వొంగా దల్లా అనేది వాళ్లు రోజూ అనే మాట. కూరలో ఏదో తేడా, గొంతులో ఏదో తేడా, జుట్టు కత్తిరించుకున్నావా ఏదో వేరుగా ఉన్నావే... వీటన్నిటికీ అదే మాట. అలవాటుగా పక్కపక్కన కూర్చునే రెండు మాటల్ని చెవి విడదీసి వినదు.

డాలర్ గురించి. దల్లా, దల్లొ మనకి దగ్గరగా అనిపిస్తాయి గానీ చివరి అచ్చు వాళ్లకి పూర్తిగా వేరు. మనకి కల, కలొ ఒకటి కానట్టే. మీరు చెప్పిన పాతకాలపు త్తల్లాకి అచ్చు కలుస్తుంది కానీ మొదటి హల్లు బిగించి పలకాలి, పాటలో అది మెత్తగానే ఉంది. ఇంగ్లిషు అక్షరాల్లో DALLA అని రాయడం కూడా చిలిపితనమేమీ కాదు, ఆ కొరియా మాటని నియమం ప్రకారం రాస్తే వచ్చేది అదే. డాలరే గుర్తు రావాలనుకుంటే DOLLA అని రాసేవాళ్లు, పాప్ పాటల్లో ఆ స్పెల్లింగ్ కొత్తేం కాదు. ఇంకా అనుమానముంటే 2019 ఫిబ్రవరిలో ఈ పాట వచ్చిన సింగిల్ పేరు చూడండి: IT'z Different.

నిద్రపట్టని_కాకి
అన్నా, ఒక చిన్న డౌట్. నిఘంటువులో వేరు అనే మాట "దారుదా" అని ఉంది. ర ఉన్నచోట ల్ల ఎలా వచ్చింది?

పెనుకొండ_దుబాసీ
వాళ్లకి ర, ల రెండిటికీ ఒకటే అక్షరం. అచ్చుల మధ్య ఒంటరిగా ఉంటే ర లాగా, ఒత్తు పడితే ల్ల లాగా పలుకుతుంది. దారుదాని మామూలు మాటల్లో ముగించినప్పుడు ఆ అక్షరం రెండవుతుంది. మీరు డ్రామాలు చూస్తారుగా, అలిగిన హీరోయిన్ "మొల్లా!" అంటుంది కదా, "ఏమో నాకు తెలీదు ఫో" అన్నట్టు. అది "మోరుదా" నుంచి వచ్చింది, అచ్చం ఇదే పద్ధతి. (మన మొల్ల రామాయణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, రేపు దాని మీద కూడా రీల్ వచ్చేలోపే చెప్పేస్తున్నాను.)

కారప్పూస
మీ లెక్కన కొరియా పాటల్లో శ్లేషే ఉండదన్నమాట. ప్రతిదానికీ వ్యాకరణం చూపిస్తే కవిత్వం ఎక్కడ మిగులుతుంది?

పెనుకొండ_దుబాసీ
ఉండదని ఎవరన్నారండీ. రెండర్థాలూ వాక్యంలో కుదురుకుంటే నేనే ముందు చప్పట్లు కొడతాను. 2012 నాటి గంగ్నమ్ స్టైల్ తీసుకోండి, అందరం ఎగిరినవాళ్లమే. చివరి పల్లవి ఎత్తుకునే ముందు "ట్వీనున్ నోమ్, కు విఏ నానున్ నోమ్" అంటాడు. అది వాళ్ల సామెత: పరిగెత్తేవాడి పైన ఎగిరేవాడు ఉంటాడు. మనం తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు అంటామే, అదే. ఇక్కడ "నానున్" అంటే ఎగిరే. ఆ వెంటనే పాట "నానున్ మ్వొల్ జొమ్ ఆనున్ నోమ్" అని సాగుతుంది. ఈసారి నానున్ అంటే "నేను": నేను కాస్త విషయం తెలిసినవాణ్ణి. రెండు నానున్‌లూ ఒకే స్పెల్లింగ్, ఒకే పలుకు. రెండోది చెవిన పడగానే మొదటిది వెనక్కి తిరిగి చూస్తుంది: పరిగెత్తేవాడి పైన ఉన్నది ఎగిరేవాడా, నేనా? ఎటు చూసినా వాక్యం నిలబడుతుంది. ఆ పాట పాడిన సైకి అక్కడ సామెత దొరికింది, అందులోనే తనని తాను దూర్చుకున్నాడు. దీన్ని శ్లేష అంటాను. దల్లా దల్లాలో ఉన్నది చప్పుడు పోలిక మాత్రమే, అదీ బయటివాళ్ల చెవికి.

మధ్యాహ్నం_మంచం
ఇందాకటి నుంచి చదువుతున్నాను, అందరూ డాలర్ల వెనక పడి అసలు రెండర్థాల్ని వదిలేశారు. నేను సరదాకి పాటలకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తుంటాను, ఈ పల్లవి దగ్గర రెండు రాత్రులు ఆగిపోయాను. మొదట "నాలో ఏదో తేడా" అని రాశాను. చదివి మా ఆయన పడీ పడీ నవ్వాడు. తెలుగులో మనిషిని తేడా అంటే ఏమవుతుందో తెలుసు కదా. తర్వాత "నేను వేరు" అని పెట్టాను, వేరు కాపురం పెడుతున్నట్టు ఉంది. చివరికి "నా తీరే వేరు" దగ్గర ఆగాను. కానీ అలా అనేసరికి గొప్ప చెప్పుకున్నట్టు అయిపోయింది. కొరియన్‌లో దల్లా అంటే ఉత్తినే భిన్నంగా ఉండటమా, లేక ఒక మెట్టు పైన ఉండటమా? పల్లవికి ముందు "అందం తప్ప ఆకర్షణ లేని అమ్మాయిల్లాంటిదాన్ని కాను" అని కూడా పాడతారు. అది వింటే నాకు రెండోదే అనిపిస్తుంది.

పెనుకొండ_దుబాసీ
ఇది అసలైన ప్రశ్న, నా దగ్గర సగం జవాబే ఉంది. మ్వొంగా దల్లా అని మనిషి గురించి అన్నప్పుడు మెచ్చుకోలు వచ్చేస్తుంది, "ఆ మనిషిలో ఏదో ఉందిరా" అన్నట్టు. నొరాంగ్ దల్లా దగ్గర ఆ మెచ్చుకోలు లేదు, నువ్వు వేరు నేను వేరు అని గీత గీయడమే. అంటే ఒకే మాట ఒక పాదంలో కాలరెగరేస్తుంది, రెండో పాదంలో తలుపేసుకుంటుంది. కొరియాలో చాలామంది వేరు అనాల్సిన చోట "తుల్లిదా", అంటే తప్పు, అనేస్తారు. వేరైనంత మాత్రాన తప్పు కాదు అని టీచర్లు దిద్దుతుంటారు కూడా. అలాంటి చోట ఒక అమ్మాయి దల్లా అని గట్టిగా అంటే నేను తప్పు కాదు అనే ధ్వని కూడా ఉంటుందని నేను వింటాను. నాతో పనిచేసే కొరియా ఆయన్ని అడిగితే "అంత లేదు, పిల్లల పాట" అని టీ తాగడానికి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం_మంచం
ఆయనన్నది సరే, నా చెవికి మాత్రం ఆ అందమైన అమ్మాయిల మీద చురక ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నన్ను నేను ప్రేమించుకోవడానికి పక్కవాళ్లని తీసెయ్యాలా? ఆ "నొ" ఎవరు, వినే మనమా లేక వాళ్లా? మనమైతే "నీలా కాదు నేను" అని రాయాలి, వాళ్లైతే "మీలా కాదు".

కారప్పూస
మనమే. పాట వింటున్నది మనమేగా.

టోలీచౌకీ_చాయ్
మా మామగారిని అడిగితే ఆ తిట్టు తిన్నవాడే అంటారు.

నిద్రపట్టని_కాకి
చెల్లికి చూపించాను. ఇవ్వు వదిలేసింది. డాలర్ మాత్రం వదలనంటోంది, "కొరియా వాళ్లకి వినపడకపోతే ఏం, నాకు వినపడుతోంది" అంట. దుబాసీ అన్నా, మీ బ్రాకెట్ కథ చెప్పి నవ్వించాను గానీ, ఆ రంధ్రం సంగతి చివరికి ఏమైంది?

పెనుకొండ_దుబాసీ
డ్రాయింగే పాతది తమ్ముడూ. బ్రాకెట్ సరిగ్గానే ఉంది.