కథలో తండ్రి "నలుగురికి మొగం ఎట్ల చూపియ్యల్ల" అంటే, ఆ నలుగురు ఎవరు?

హరిత, అనంతపురం:
ఒక కథ రాస్తున్నాను, ఒక్క మాట దగ్గర పది రోజులుగా ఆగిపోయినాను. నార్పల పక్క ఊరు, తండ్రి పేరు కుళ్లాయప్ప, నాలుగెకరాల చెనిక్కాయ రైతు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్ద కూతురు కడపలో ఉద్యోగం చేస్తూ అక్కడి ముస్లిం అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని ఇంటికొచ్చి చెప్తుంది. తండ్రి కొట్టడు, అరవడు. "నలుగురికి మొగం ఎట్ల చూపియ్యల్ల నేను?" అంటాడు. మా స్నేహితురాలు చదివి, ఇది ప్రతి కథలో ప్రతి నాయనా అనే మాటే, వినీ వినీ చెవులు మూసుకుపోయినాయి అంది. కానీ మా వైపు నిజంగా ఇట్లే అంటారు కదా? మాట తీసేయాలా, ఉంచాలా?

నరేష్, కర్నూలు:
ఉంచండి. జనం మాట్లాడే మాటే కదా. "చూపియ్యల్ల" కూడా అచ్చంగా మన యాసే, కడప వైపయితే "చూపియ్యాల" అంటారు. అయినా ఇదంతా ఎప్పుడో రాసేశారు, చలం 'మైదానం' 1927లోనే వచ్చింది, బ్రాహ్మణ అమ్మాయి, ముస్లిం అబ్బాయి. అది ఒకసారి చూస్తే దారి దొరుకుతుంది.

సుబ్బయ్య, రిటైర్డ్ తెలుగు మాస్టారు, కడప:
నరేష్ బాబూ, యాస గురించి చెప్పింది సరే. మైదానం ఇక్కడ దారి చూపదు. రాజేశ్వరి పెళ్లయిన మనిషి, భర్తను విడిచి అమీర్‌తో పోతుంది, కథంతా ఆమె నోటి నుంచే వస్తుంది. ఇంట్లోవాళ్ల వైపు నుంచి మనకు వినపడేది తక్కువ. హరితమ్మకు కావల్సింది వద్దనే మనిషి గొంతు.

ఇక మాట సంగతి. "నలుగురు" అనేది మన భాషలో లెక్క కాదు, నలుగురితో నారాయణ అన్నప్పుడు నాలుగు తలకాయలు ఎంచుకోము. కానీ ఇంకొక చోట అది కచ్చితంగా లెక్కే. పాడె మోసేది నలుగురు. "పోయేటప్పుడు నలుగురు కావాలి" అని మన పల్లెల్లో పెద్దోళ్లు అనేది ఆ అర్థంలోనే. నీ కుళ్లాయప్పకు కొడుకుల్లేరు అన్నావు. అంటే రేపు కొరివి పెట్టాల్సింది అన్న కొడుకులే. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ల ముందు ఊరు లేదు, ఆ పిల్లోళ్లు ఉండారు. ఒక కాగితం మీద ఆయన నలుగురి పేర్లూ రాసుకో. అన్న, అన్న కొడుకు, పెళ్లి చూపులు జరగబోయే చిన్న కూతురు, చెనిక్కాయ పీకేటప్పుడు బదులుకు మనుషుల్ని పంపే పక్క చేని ఆయన. ఒక్కొక్కరి నుంచి ఆయనకు ఏం పోతుందో పక్కన రాయి. ఆ తర్వాత "నలుగురు" అనే మాట కొట్టేసినా, అది కథలో ఉంటుంది.

లక్ష్మీదేవి, ఆదోని:
నమస్తే అండీ. మా అబ్బాయిదీ ఇట్లాంటిదే, ఇద్దరూ హిందువులే కానీ కులాలు వేరు. రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి అంటే ముందు బోర్డు మీద నోటీసు పెడతారంట, నిజమేనా? నాకు దాని గురించే టెన్షన్.

నరేష్, కర్నూలు:
అక్కా, ఇది కథ గురించి అడుగుతున్నారు. అయినా చెప్తా, మా చిన్నాన్న కూతురిది ఈ మధ్యే చూసినాను. ఇద్దరూ హిందువులైతే గుడిలోనో ఇంట్లోనో పెళ్లి చేసుకుని, తర్వాత హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, దానికి ముందస్తు నోటీసు లేదు. మతాలు వేరై, ఎవరూ మారకుండా చేసుకోవాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం. దానికి 30 రోజుల నోటీసు ఉంటుంది. పేర్లు, అడ్రసులతో ఆఫీసులో అతికిస్తారు. శాశ్వత అడ్రసు వేరే జిల్లాలో ఉంటే అక్కడి ఆఫీసుకూ ఒక కాపీ పోతుంది. ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, కానీ వయసు చాలదనో, ముందే పెళ్లయిందనో, అట్లా చట్టంలో ఉన్న కారణమే చెల్లుతుంది. మాకు ఇష్టం లేదు అనేది చెల్లదు.

హరిత, అనంతపురం:
లక్ష్మీదేవక్కా, మీరు అడిగినందుకు నాకు కథలో పెద్ద ముడి విడింది. పిల్ల ఉండేది కడపలో, శాశ్వత అడ్రసు అనంతపురం జిల్లాలో. అంటే కాపీ ఇక్కడికి వస్తుంది. తండ్రికి కూతురు చెప్పడం కాదు, ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే మనిషి గోడ మీద పేరు చూసి ఫోన్ చేస్తాడు. తన పేరు, ఊరి పేరు, కూతురి పేరు గోడ మీద ఉన్నాయి. నలుగురూ అప్పుడే నిజమైన నలుగురు అవుతారు, నెల రోజులు.

రఫీ, ప్రొద్దుటూరు:
మంచి పాయింట్ ఇంకొకటి ఉంది. ఉగాదికి మావాళ్లు దేవుని కడప గుడికి పోతారు, బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు అని. అది పెట్టి తండ్రి రెండు నాలుకలు బయటపెట్టండి.

షాహీన్, కడప:
రఫీ భాయ్, గుడికి పోయేది మనవాళ్లు. ఈ కథలో వద్దనే తండ్రి హిందువు. ఆయన దగ్గర ఉన్నది ఆయన పేరే, గూగూడు కుళ్లాయిస్వామి పీరు పేరు. ఆ పేరుతో ఆయన్ను కొట్టకండి ప్లీజ్, చాలా కథల్లో అదే చేస్తారు. మొహర్రంకు పీరు ముందు నిప్పుల గుండం తొక్కే మనిషి ఇంట్లోకి అల్లుణ్ణి రానివ్వకపోవడం అబద్ధం కాదు. ఆయనకు దేవుడు వేరు, దాయాదులు వేరు.

ఇంకొకటి. అబ్బాయి ఇల్లు ఎక్కడ? అందరూ అమ్మాయి తండ్రినే రాస్తారు. మా అమ్మ లాంటావిడ "నలుగురు" అనదు, "లోగాఁ క్యా బోల్తే" అంటుంది. కానీ ఆమె భయం వేరు. నిఖా చేయాలంటే పిల్ల కలిమా చదవాలి, ఇంకొకరి బిడ్డ పేరు మార్చమని అడగడానికి ఆమెకు నోరు రాదు. అడగకుండా రిజిస్టర్ పెళ్లికి ఒప్పుకుంటే, రేపు తన జనాజాకు ఎవరొస్తారో అని. అక్కడా అదే నలుగురు.

నరేష్, కర్నూలు:
షాహీన్ గారు చెప్పింది బాగుంది, కానీ ఒకటి అడుగుతా. తండ్రికి ఇన్ని కారణాలు ఇస్తూ పోతే చదివేవాళ్లు ఆయన్నే సరే అనుకోరా? పిల్లల్ని చంపేసిన ఇళ్లూ ఉన్నాయి మన దగ్గర. అప్పుడు కూడా పాడె మోసేవాళ్ల గురించే రాస్తామా?

సుబ్బయ్య, కడప:
నీ కోపం సరైనదే. కారణం చెప్పడమంటే తప్పు మాఫీ చేయడం కాదు. తండ్రి భయానికి ఒక పేజీ ఇస్తే, ఆ భయం ఖరీదు ఎవరు కడుతున్నారో దానికీ ఒక పేజీ ఇవ్వాలి. కత్తి తీసిన చోట మాత్రం ఈ పద్ధతి పనికొస్తుందా అంటే, నాకూ అనుమానమే.

హరిత, అనంతపురం:
రాత్రి తిరగరాసినాను. ఇప్పుడు ఇట్లా ఉంది:

ఆయన చెనిక్కాయ కట్టె విదిలిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "నేను పోతే మీ పెద్దనాయన కొడుకులు వస్తారా, రారా?"
"నేను వస్తా నాయనా."
"నువ్వు మోస్తావా?"
"మోస్తా. ఇంకా ముగ్గురిని చూసుకో."

లక్ష్మీదేవి, ఆదోని:
ఆ పిల్ల అట్ల అనేసిందా! నేనైతే ఆ రాత్రి నిద్రపోను తల్లీ.

షాహీన్, కడప:
ఆ ముగ్గురిలో అబ్బాయి ఉన్నాడా? నాకు ఉన్నాడనే అనిపించింది. తండ్రికి అనిపించిందో లేదో రాయొద్దు.

నరేష్, కర్నూలు:
నాకైతే రాయాలనే ఉంది.