అప్‌డేట్: లెక్కల్లో వెనుకబడిన పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డులో చివరికి రాసిన రిమార్కు

నా ప్రశ్న: "లెక్కల్లో బాగా వెనుకబడ్డాడు, శ్రద్ధ లేదు" అన్న రిమార్కును అబద్ధం చెప్పకుండా, తల్లిదండ్రులు కుంగిపోకుండా ఎలా రాయాలి?

సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మాటలు మార్చే ముందు జవాబు పత్రాలు తిరగేసి, తప్పు సరిగ్గా ఎక్కడ జరుగుతోందో చూడమన్న సూచనే పనిచేసింది. మూడో తరగతి చదువుతున్న ఆ బాబు 52 − 27 కు 35 అని రాస్తున్నాడు. అంటే ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోనప్పుడు, పదుల నుంచి అప్పు తెచ్చుకోకుండా 7 లోంచే 2 తీసేస్తున్నాడు. అప్పు అవసరం లేని తీసివేతలు, కూడికలు దాదాపు అన్నీ సరిగానే ఉన్నాయి కనుక "శ్రద్ధ లేదు" అన్నది నిజం కాదని తేలి, ఆ మాటను పూర్తిగా తొలగించాను.

కార్డులో రాసింది ఇది: "కూడికలు బాగా చేస్తున్నాడు. అప్పు తెచ్చుకోవలసిన తీసివేతల్లో తడబడుతున్నాడు. ఇందులో తరగతి స్థాయికి ఇంకా చేరలేదు. బడిలో పది పుల్లల కట్టలతో సాధన చేయిస్తున్నాము. ఇంట్లో రోజూ మూడు లెక్కలు, కట్ట విప్పి చూపిస్తూ చేయించగలరు."

ముందూ వెనుకా పొగడ్త చేర్చమన్న సూచన అవసరపడలేదు. "స్థాయికి ఇంకా చేరలేదు" అన్న వాక్యం తీసేయమని కొందరన్నారు కానీ, అది లేకపోతే తల్లిదండ్రులకు విషయం తెలియదు కనుక ఉంచాను. కార్డు చదివాక ఆ తల్లి మొదట అడిగింది, కట్ట ఏ లెక్కకు విప్పాలో చూపించమని.