ప్రీ-సేవ్ లింక్ ముందే పంచాలా, పాట వచ్చాక చెప్పాలా?

పర్లాకిమిడి గొంతు: నా తెలుగు పాట వచ్చే శుక్రవారం తర్వాతి శుక్రవారం వస్తోంది. స్పాటిఫై ప్రీ-సేవ్ లింక్ గ్రూపుల్లో పెడితే అందరూ "పాట ఏదీ?" అంటున్నారు. తప్పు చేశానా?

గుణుపురం77: తప్పేం లేదు తమ్ముడూ, వంద మందితో ప్రీ-సేవ్ కొట్టించు, మొదటి రోజే వంద ప్లేలు పడిపోతాయి.

బరంపురం కీబోర్డ్: పడవు అన్నా. ప్రీ-సేవ్ అంటే విడుదల రోజు పాట వాళ్ళ లైబ్రరీలో చేరుతుంది, అంతే. కనీసం 30 సెకన్లు వింటేనే ఒక ప్లే. పైగా ఆ లింకు నొక్కగానే స్పాటిఫైలో లాగిన్ అడుగుతుంది, మన గ్రూపుల్లో చాలామంది అక్కడే ఆగిపోతారు. తమ్ముడూ, ఈ వారం నువ్వు చేయాల్సింది వేరే ఉంది. స్పాటిఫై ఆర్టిస్ట్ ఖాతాలోకి వెళ్ళి పాటను పిచ్ చెయ్యి, అంటే వాళ్ళ ప్లేలిస్టుల్లో పెట్టమని ముందే అడుగు. విడుదలకు కనీసం 7 రోజుల ముందు చేస్తే నిన్ను ఫాలో అయ్యేవాళ్ళకి వారం వారం వచ్చే కొత్త పాటల ప్లేలిస్టు రిలీజ్ రాడార్‌లో ఈ పాటే వస్తుంది. విడుదలయ్యాక ఆ అవకాశం ఉండదు. ఊరివాళ్ళకి మాత్రం యూట్యూబ్ ప్రీమియర్ లింక్ ఇవ్వు, గంట బొమ్మ నొక్కితే వాళ్ళకే గుర్తు చేస్తుంది.

రాయగడ అక్క: ముందస్తు అంటేనే నాకు భయం. నా కథల పుస్తకానికి అరవై మంది దగ్గర డబ్బు తీసుకున్నాక ప్రెస్‌వాడు నెలన్నర ఆలస్యం చేశాడు, సంతలో కనిపించినవాళ్ళంతా అదే అడిగారు.

బరంపురం కీబోర్డ్: అక్కా, ఇక్కడ ఎవరూ డబ్బు కట్టడం లేదు.

గుణుపురం77: ఏదో ఒక దారిలో డబ్బు రావాలి కదా. ప్లేలు లేకపోతే ఏం మిగులుతుంది?

బరంపురం కీబోర్డ్: స్పాటిఫైలో పన్నెండు నెలల్లో కనీసం 1000 ప్లేలు రాని పాటకి రూపాయి రాదు, 2024 నుంచీ ఇదే లెక్క. డబ్బు సంగతి ఇప్పుడెందుకు?

గుణుపురం77: ఎందుకంటే నీకు బయటివాళ్ళ ప్లేలిస్టు కావాలి, మాకు మన ఊరివాళ్ళు వినాలి. తమ్ముడి పోస్టర్ చూశావా? ఇంగ్లీషు, ఒడియా ఉన్నాయి, తెలుగు ఒక్క అక్షరం లేదు! పాట మాత్రం తెలుగట!

పర్లాకిమిడి గొంతు: అన్నా, కోపం వద్దు. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, నేను చదివింది మాత్రం ఒడియా బడిలో. మా చెల్లికి తెలుగు అక్షరాలు రావు. తెలుగులో పోస్టర్ వేస్తే చదివేది ఎవరు?

గుణుపురం77: నేను చదువుతాను.

రాయగడ అక్క: మా అమ్మకి ఏ లిపీ రాదు గానీ, వాయిస్ మెసేజ్ వింటుంది. పల్లవి ఇరవై సెకన్లు పాడి, తేదీ చెప్పి పంపు బాబూ, కింద లింక్ పెట్టు.

పర్లాకిమిడి గొంతు: పిచ్ ఈ రాత్రే పెడతాను. వాయిస్ కూడా పంపుతాను. తెలుగు పోస్టర్‌కి అక్షరాలు ఎవరైనా సరిచూసి పెడతారా? "విడుదల"లో నాకు డ దగ్గర ఎప్పుడూ అనుమానమే.

గుణుపురం77: పంపు. కానీ తెలుగుని ఒడియా కింద చిన్నగా కాదు, పైన పెట్టాలి.