ప్రైసింగ్ పేజీలో ‘యూజర్’ అనే మాటను ఎలా రాయాలి?

మాది చిన్న దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. స్టార్టర్ ప్లాన్ నెలకు 299 రూపాయలు: 1 యూజర్, 300 బిల్లులు. గ్రోత్ 699: 3 యూజర్లు, 2,000 బిల్లులు. ప్రో 1,499: 10 యూజర్లు, బిల్లులకు పరిమితి లేదు.

కొత్తవాళ్లు ఫోన్ చేసి అడిగేవి రెండే. “301వ బిల్లు కొడితే ఆగిపోతుందా?” ఆగదు. “నెలాఖరు దాకా నడుస్తుంది, ఆ తర్వాత పై ప్లాన్‌కు మారాలి” అని ధర కిందే రాశాక ఆ ఫోన్లు తగ్గాయి.

రెండోది, “యూజర్ అంటే మనిషా, కంప్యూటరా?” మా లెక్కలో యూజర్ అంటే ఒక లాగిన్, ఒకసారి ఒక పరికరంలోనే తెరుచుకుంటుంది. పక్కన ‘i’ గుర్తు పెట్టి వివరణ ఇచ్చాం, మొబైల్‌లో ఎవరూ నొక్కలేదు. 22 వరుసల పోలిక పట్టికను తేడాలున్న 5 వరుసలకు కుదించాం, లాభం లేదు. చివరికి ప్లాన్ల పేర్లే ‘ఒక కౌంటర్’, ‘మూడు కౌంటర్లు’ అని మార్చాం. అప్పుడు ఒకే కౌంటర్, షిఫ్టుల్లో ముగ్గురు కుర్రాళ్లున్న మెడికల్ షాపాయన ‘ఒక కౌంటర్’గా పేరు మారిన స్టార్టర్ కొన్నారు. ముగ్గురికీ ఒకటే లాగిన్, ఏ బిల్లు ఎవరు కొట్టారో తెలియట్లేదని డబ్బులు వెనక్కి అడిగారు. నిజానికి తప్పు మా పేరుదే.

లాగిన్ల పరిమితిని మొదటిసారి కొనేవాళ్లకు ఒక్క లైనులో అర్థమయ్యేలా మీరైతే ఏ మాటలతో రాస్తారు?