లూప్‌బ్యాక్ లేని ఇంటర్‌ఫేస్: అతిథి గొంతును సాఫ్ట్‌వేర్‌తో పట్టాలా, వైరుతో పట్టాలా?

గుంటూరు పల్లవి (ప్రశ్న):
నాది రెండు ఇన్‌పుట్‌ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్. కంప్యూటర్‌లో మోగే శబ్దాన్ని తిరిగి రికార్డింగ్‌కు అందించే లూప్‌బ్యాక్ వసతి అందులో లేదు. కంప్యూటర్ విండోస్ 11. డాలస్‌లో ఉంటున్న ఒక కథారచయితతో గూగుల్ మీట్‌లో గంటసేపు ఇంటర్వ్యూ చేయాలి. నా గొంతు ఒక ట్రాక్‌లోనూ ఆయన గొంతు మరొక ట్రాక్‌లోనూ రావాలి. ఒక ప్రోగ్రాము శబ్దాన్ని మరొకదానికి చేరవేసే వర్చువల్ కేబుల్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం మంచిదా, లేక ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి రెండో ఇన్‌పుట్‌కు వైరు కలపడం మంచిదా?

తెనాలి తీగ:
వైరే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. ఎడమ లైన్ అవుట్‌పుట్ నుంచి రెండో ఇన్‌పుట్‌కు ఒక టీఆర్‌ఎస్ వైరు కలపండి, ఆ ఇన్‌పుట్ దగ్గర `INST` బటన్ ఆపి ఉంచండి, లైన్ అవుట్ స్థాయిని తగ్గించి మొదలుపెట్టి మెల్లగా పెంచండి. మీరు హెడ్‌ఫోన్లలోనే వింటారు కాబట్టి స్పీకర్లకు వెళ్లే అవుట్‌పుట్ ఖాళీగానే ఉంటుంది. మైకూ అతిథి గొంతూ ఒకే పరికరం గుండా వస్తాయి కనుక గంట తర్వాత కూడా రెండు ట్రాక్‌లూ కలిసే ఉంటాయి. వర్చువల్ కేబుల్ శబ్దం నాణ్యతను తగ్గిస్తుంది, పైగా ప్రతి విండోస్ అప్‌డేట్ తర్వాత ఏ పరికరం డిఫాల్ట్‌గా మారిందో వెతుక్కోవాలి.

అమలాపురం శ్రోత:
ఇంత హడావుడి ఎందుకండీ? ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటుంది కదా, అది నొక్కితే అన్నీ హెడ్‌ఫోన్లలో వినిపిస్తాయి.

కూకట్‌పల్లి కన్సోల్:
శ్రోత గారూ, ఆ బటన్ మైకులో మాట్లాడింది ఆలస్యం లేకుండా మన చెవికి వినిపించడానికి మాత్రమే. కంప్యూటర్ శబ్దాన్ని రికార్డింగ్‌లోకి అది తీసుకురాదు. నిజానికి తీగ గారి పద్ధతిలో ఆ బటన్ ఆన్‌లో ఉంటే ప్రమాదం కూడా. రెండో ఇన్‌పుట్‌లోకి వచ్చింది మళ్లీ అవుట్‌పుట్‌కు పోయి, అక్కడి నుంచి వైరు గుండా తిరిగి ఇన్‌పుట్‌లోకి చేరి, చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్‌కు మానిటరింగ్ ఆన్ చేసినా అదే జరుగుతుంది.

తీగ గారు చెప్పినదాంట్లో ఒకే పరికరం, అంటే శబ్దాన్ని కొలిచే ఒకే గడియారం, అన్న మాట సరైనదే, దాని గురించి తర్వాత చెబుతాను. నాణ్యత తగ్గుతుందన్నది మాత్రం నిలవదు. వర్చువల్ కేబుల్ రెండు కొసల్లోనూ ఒకే శాంపిల్ రేటు, ఉదాహరణకు 48,000, పెట్టుకుంటే వినబడే తేడా ఏమీ ఉండదు. మీట్ నుంచి వచ్చే గొంతు ఎలాగూ ఇంటర్నెట్ కోసం కుదించబడినదే.

వైరు పద్ధతిలో అసలు చిక్కు వేరే చోట ఉంది. మీట్ మీ ఇంటర్‌ఫేస్‌ను మైకుగా తీసుకున్నప్పుడు చాలా డ్రైవర్లు ఒకటో, రెండో ఇన్‌పుట్‌లను ఒక స్టీరియో జతగా అందిస్తాయి, బ్రౌజర్ ఆ జతను కలిపి మోనో చేస్తుంది. అప్పుడు రెండో ఇన్‌పుట్‌లో ఉన్న రచయిత గారి గొంతే తిరిగి ఆయనకు వెళుతుంది. మీకు అది వినబడదు కాబట్టి తెలియదు. మీట్‌లోని ఎకో అణచివేత దాన్ని చాలావరకు మింగేస్తుంది కానీ, ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు మీ గొంతును కూడా కోసేస్తుంది. ఆయన మాటిమాటికీ "మీ మాట తెగుతోంది" అంటే నెట్‌ను నిందించే ముందు దీన్ని అనుమానించండి.

తెనాలి తీగ:
ఇన్‌పుట్‌లను విడివిడిగా చూపే డ్రైవర్లు కూడా ఉన్నాయి. అలాంటివాటిలో ఒకటో ఇన్‌పుట్‌ను మాత్రమే ఎంచుకోవచ్చు. కాబట్టి ఇది వైరు తప్పు కాదు.

కూకట్‌పల్లి కన్సోల్:
ఆ మాట నిజమే. పల్లవి గారి డ్రైవర్ ఏ రకమో విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో చూస్తే తెలుస్తుంది. అది జతగా చూపితే మటుకు వైరు పక్కన పెట్టమనే నా సలహా.

ఇక సాఫ్ట్‌వేర్ దారి. ఉత్త వర్చువల్ కేబుల్ ఒక్కటే వేసి, మీట్ స్పీకర్‌గా `CABLE Input` పెడితే శబ్దం `CABLE Output`లో రికార్డుకు దొరుకుతుంది, కానీ మీకు వినబడదు. వినడానికి ఆ రికార్డింగ్ పరికరం ప్రాపర్టీస్‌లో `Listen to this device` ఆన్ చేస్తే ఆలస్యం తోడై, సంభాషణలో ఒకరి మాట మీద ఒకరు పడతారు. పైగా ఏసియో డ్రైవర్‌తో నడిచే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒకసారికి ఒకే పరికరాన్ని తెరుస్తుంది కనుక, మైకూ కేబులూ రెండూ ఒకే చోట కనబడవు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, రెండు ప్రోగ్రాములలో విడివిడిగా రికార్డు చేసుకుంటారు.

దీనికి నేను వాడేది వాయిస్‌మీటర్ బనానా అనే సాఫ్ట్‌వేర్ మిక్సర్. ఇందులో `A1`కు మీ ఇంటర్‌ఫేస్‌ను పెట్టండి, మిక్సర్ మొత్తం దాని గడియారాన్నే అనుసరిస్తుంది. మైకు మొదటి హార్డ్‌వేర్ స్ట్రిప్‌లోకి వస్తుంది. అక్కడ `B1` ఒక్కటే వెలిగి ఉండాలి. మీట్‌లో స్పీకర్‌గా `Voicemeeter Input`ను ఎంచుకుంటే రచయిత గారి గొంతు మొదటి వర్చువల్ స్ట్రిప్‌లోకి వస్తుంది. అక్కడ `A1` వెలిగి `B1` ఆరి ఉండాలి. మీట్‌లో మైకుగా `B1` అవుట్‌పుట్‌ను ఇవ్వండి. `B1`లోకి మీ గొంతు తప్ప ఇంకేదీ పోదు కాబట్టి ఆయన గొంతు ఆయనకు తిరిగి వెళ్లే దారే ఉండదు. రికార్డింగ్‌కు రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో `Voicemeeter Insert Virtual ASIO` డ్రైవర్‌ను తీసుకుంటే మీ మైకు ఒకటో ఛానల్‌లోనూ అతిథి 7, 8 ఛానళ్లలోనూ కనబడతారు.

సికింద్రాబాద్ స్వరం:
నాది మాక్. సంగీతం ఆన్‌లైన్ క్లాసులు చెబుతాను. బ్లాక్‌హోల్ అనే వర్చువల్ కేబుల్ వేసి, శబ్దం దానికీ ఇంటర్‌ఫేస్‌కూ ఒకేసారి వెళ్లేలా మల్టీ-అవుట్‌పుట్ డివైస్ చేసుకున్నాను. అప్పటి నుంచి కీబోర్డు మీద వాల్యూమ్ మీటలు పనిచేయడం లేదు. ఇది పాడైనట్టా?

కూకట్‌పల్లి కన్సోల్:
పాడవలేదండీ, మల్టీ-అవుట్‌పుట్ డివైస్‌కు ఆ మీటలు పనిచేయవు. ఇంటర్‌ఫేస్ నాబ్‌తోనే తగ్గించుకోవాలి. రికార్డింగ్ కోసం ఇంటర్‌ఫేస్‌నూ బ్లాక్‌హోల్‌నూ కలిపి అగ్రిగేట్ డివైస్ చేసినప్పుడు, గడియారంగా ఇంటర్‌ఫేస్‌ను పెట్టి, బ్లాక్‌హోల్ పక్కన `Drift Correction` గడిలో టిక్ పెట్టండి. పల్లవి గారిది విండోస్ కాబట్టి ఈ సంగతిని ఇక్కడితో ఆపుదాం.

విజయవాడ వీడియో:
గౌరవంతోనే చెబుతున్నాను, ఒక్క ఇంటర్వ్యూ కోసం ఇన్ని స్ట్రిప్‌లూ బటన్లూ అవసరమా? ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 28వ వెర్షన్ నుంచి `Application Audio Capture` అనే సోర్సు ఉంది. క్రోమ్‌ను ఎంచుకుంటే రచయిత గారి గొంతు నేరుగా వస్తుంది, మీ మైకు మరో సోర్సు. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ఒకదాన్ని మొదటి ట్రాక్‌కు, మరొకదాన్ని రెండో ట్రాక్‌కు పంపి, రికార్డింగ్ సెట్టింగ్స్‌లో రెండు ట్రాక్‌లకూ టిక్ పెడితే ఒకే ఫైలులో రెండూ విడివిడిగా ఉంటాయి. కేబుల్ లేదు, డిఫాల్ట్ పరికరాన్ని మార్చే పని లేదు.

కూకట్‌పల్లి కన్సోల్:
ఇది నిజంగా సులువైన మార్గమే. ఒక్కటే జాగ్రత్త: క్రోమ్ శబ్దమంతా ఒకే మూట, ట్యాబుల వారీగా విడదీయదు. ఇంటర్వ్యూ మధ్యలో మరో ట్యాబులో ఏదైనా మోగితే అది కూడా అతిథి ట్రాక్‌లో పడుతుంది. మీట్ కోసం వేరే బ్రౌజర్ వాడితే ఆ బెంగ లేదు.

ఇప్పుడు గడియారం సంగతి. మైకు శబ్దాన్ని ఇంటర్‌ఫేస్‌లోని క్రిస్టల్ కొలుస్తుంది, వర్చువల్ కేబుల్ కంప్యూటర్ సొంత టైమర్ మీద నడుస్తుంది. రెండూ 48,000 అనే చెబుతాయి కానీ అచ్చంగా ఒకటి కావు. తేడా పది లక్షలకు 30 వంతులనుకుందాం. సెకనుకు అది ఒకటిన్నర శాంపిల్ కూడా కాదు, కానీ గంటకు 108 మిల్లీసెకన్లవుతుంది. రచయిత గారి జవాబు మీ ప్రశ్న చివరి మాట మీదకు ఎక్కడానికి అది చాలు. ఈ జారుడు మొదటి ఐదు నిమిషాల పరీక్షలో బయటపడదు.

కాబట్టి ఏ పద్ధతి పెట్టుకున్నా ముందు ఇలా చూసుకోండి. రికార్డింగ్ మొదట్లో హెడ్‌ఫోన్ గిన్నెను మైకు దగ్గర పట్టుకుని, బ్రౌజర్‌లో టిక్ టిక్ మనే మెట్రోనోమ్‌ను పది సెకన్లు వినిపించండి. అదే శబ్దం రెండు ట్రాక్‌లలోనూ పడుతుంది. గంట నడవనిచ్చి, చివర మళ్లీ అదే చేయండి. మొదటి తేడా, చివరి తేడా ఒకటే అయితే అది ఉత్త ఆలస్యం, ట్రాక్‌ను జరిపితే సరిపోతుంది. చివరిది పెరిగితే గడియారాలు వేరని అర్థం. మధ్యలో ఎక్కడో ఒక్కసారిగా గెంతితే మాత్రం గడియారం కాదు, కొంత శబ్దం రికార్డులో పడనేలేదన్నమాట. ఆడాసిటీలో వాసాపీ లూప్‌బ్యాక్‌తో తీసేవారికి ఇది తరచూ ఎదురవుతుంది. ఏ ప్రోగ్రామూ శబ్దం పంపని వేళ విండోస్ నుంచి డేటా రాదు, ఆ నిశ్శబ్దం నిడివి ఫైలులో మాయమవుతుంది.

తెనాలి తీగ:
గడియారం ఒక్కటే ఉండాలన్నది నేను మొదటే చెప్పిన మాట. వాయిస్‌మీటర్‌లో కూడా దాన్నే ఇంత చుట్టు తిరిగి సాధిస్తున్నారు.

గుంటూరు పల్లవి:
చెప్పిన పరీక్షే చేసి చూశాను. వర్చువల్ కేబుల్‌ను ఒక ప్రోగ్రాములో, మైకును మరొకదానిలో రికార్డు చేసినప్పుడు మొదట 35 మిల్లీసెకన్లున్న తేడా గంట తర్వాత 140 అయింది. ఓబీఎస్‌లో మొదట ఎంతో చివరా అంతే ఉంది. వైరు విషయంలో నా డ్రైవర్ రెండు ఇన్‌పుట్‌లనూ జతగానే చూపిస్తోంది. మా తమ్ముణ్ణి మీట్‌లో కూర్చోబెట్టి చూస్తే తన గొంతు తనకే లీలగా వినిపిస్తోందని చెప్పాడు. అందుకని ఓబీఎస్‌తో వెళదామనుకుంటున్నాను. మధ్యలో నెట్ తెగి ఆయన గొంతు ముద్దగా వస్తే ఏం చేయాలన్నదే ఇంకా భయంగా ఉంది.

విజయవాడ వీడియో:
దానికి మన వైపు చేయగలిగింది లేదండీ. ఆయన్ను తన ఫోన్‌లో కూడా వాయిస్ రికార్డర్ నడిపి ఆ ఫైలు పంపమనండి. ఇక్కడి ట్రాక్‌తో సరిపోల్చుకుని అతికించవచ్చు.

కూకట్‌పల్లి కన్సోల్:
ఆ సలహాకు నేను సగమే ఒప్పుకుంటాను. ఫోన్‌కు మూడో గడియారం ఉంది, అది కూడా గంటలో జారుతుంది. నెట్ తెగిన చోట మాత్రం ఫోన్ ముక్కను వాడి, మిగతా అంతా ఇక్కడి ట్రాక్‌నే ఉంచమంటాను.

విజయవాడ వీడియో:
ఫోన్ రికార్డింగ్‌లో గొంతు నిండుగా ఉంటుంది కనుక మొత్తం దాన్నే వాడి, పది నిమిషాలకోసారి ఒక కోత వేసి సరిచేసుకోవడం మేలని నా వాదన. గొంతు స్వభావం మధ్యలో మారితే వినేవారికి వెంటనే తెలుస్తుంది, కొన్ని మిల్లీసెకన్ల జారుడు ఎవరికీ తెలియదు.

కూకట్‌పల్లి కన్సోల్:
ఆయన ఫోన్ ఎక్కడ పెడతారో, గదిలో ఎంత గింగురు ఉంటుందో ముందు విననివ్వండి. మొదటి ముక్క వచ్చాక ఇక్కడ పెట్టండి పల్లవి గారూ, దాన్నిబట్టి తేల్చుకుందాం.