వెబినార్ ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి ప్రశ్నలు: చెప్పినది చెప్పినట్టే అడగాలా, సందర్భంగా మార్చాలా?

కొత్తట్రైనర్:
మా హెల్ప్ డెస్క్‌లో కొత్తగా చేరేవాళ్ళ కోసం రికార్డు చేసిన 70 నిమిషాల వెబినార్ ఉంది. దాని ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి, వాళ్ళంతట వాళ్ళే పరీక్షించుకునేలా ప్రశ్నలు, చిన్న జవాబులు తయారు చేయమన్నారు. వక్త చెప్పిన వరసలో, ఆయన మాటల్లోనే అడగాలని టీమ్‌లో కొందరు. పనిలో ఎదురయ్యే సందర్భాలుగా మార్చాలని ఇంకొందరు. మీరైతే ఏం చేస్తారు?

వరసక్రమం:
చెప్పినది చెప్పినట్టే అడగండి. మనం సందర్భం కల్పించడం మొదలుపెడితే వక్త అనని మాటలు జవాబుల్లోకి దూరతాయి. తర్వాత ఎవరైనా "ఇది ఎక్కడ చెప్పారు?" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. పేరాకో ప్రశ్న, నాలుగు ఆప్షన్లు. అరవై ప్రశ్నలు వస్తాయి, ఏదీ వదిలిపోదు.

శిక్షణగది:
ఎక్కడ చెప్పారో చూపించగలగాలి అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే ప్రతి జవాబు పక్కన టైమ్‌స్టాంప్ ఉండాలి. కానీ పేరాకో ప్రశ్న అన్న దగ్గరే బండి దారి తప్పుతుంది. మనుషులు మాట్లాడేది పేరాల లెక్కన కాదు. ఒక నియమం 14వ నిమిషంలో చెప్తారు, దాని మినహాయింపు చివర్లో ఎవరో అడిగితే బయటికొస్తుంది. ఇలాంటిది చూడండి:

```
00:14:20.000 --> 00:14:31.500
ఎవరైనా నంబర్ మార్చమంటే పాత నంబర్‌కి
కాల్ బ్యాక్ చేయాలి అన్నమాట, మామూలుగా.

00:58:07.000 --> 00:58:16.000
పాతది కలవకపోతే మీరు మార్చొచ్చు,
సూపర్‌వైజర్‌కి పంపండి.
```

వరసలో వెళ్ళేవాళ్ళు మొదటి ముక్క నుంచి "నంబర్ మార్చమంటే ఏం చేయాలి?" అని అడిగి, "పాత నంబర్‌కి కాల్ బ్యాక్" అని జవాబు రాసి ముందుకెళ్ళిపోతారు. ఆ "మామూలుగా" అన్న మాట దగ్గర ఆగాలి. వక్త నోట అలాంటి మాట వచ్చిందంటే ఎక్కడో మినహాయింపు ఉన్నట్టే. ట్రాన్స్‌క్రిప్ట్ అంతా "నంబర్" అని వెతికి, దొరికిన ముక్కలన్నీ ఒకచోట పెట్టుకున్నాకే ప్రశ్న రాయాలి.

రెండో ముక్క ఇంకోసారి చదవండి. "మార్చొచ్చు" అంటూనే సూపర్‌వైజర్‌కి పంపమంటున్నారు. రెండూ పొసగవు. ఆడియో వింటే అక్కడున్నది "మార్చొద్దు". తెలుగు ఆటో క్యాప్షన్లలో "చేయొచ్చు, చేయొద్దు", "ఇవ్వొచ్చు, ఇవ్వొద్దు" తారుమారైతే వాక్యం చూడ్డానికి బాగానే ఉంటుంది, అర్థం మాత్రం తలకిందులవుతుంది. కాబట్టి అనుమతి, నిషేధం, అంకె ఉన్న ప్రతి వాక్యాన్నీ ఆడియోతో సరిచూడాల్సిందే. మిగతాది చదివితే చాలు.

సరిచూశాక ప్రశ్న ఇలా వస్తుంది: "కస్టమర్ ఫోన్ చేసి, పాత ఫోన్ పోయిందని, ఇప్పుడు మాట్లాడుతున్న కొత్త నంబర్‌నే ఖాతాలో పెట్టమని అడిగారు. ఏం చేస్తారు?" ఇందులో నేను కల్పించింది ఆ కస్టమర్‌ను మాత్రమే. జవాబులోని ప్రతి మాటా ఆ రెండు టైమ్‌స్టాంపుల్లో ఉన్నదే.

రాత్రిడ్యూటీ:
ఈ పరీక్షల గొడవే వద్దండీ. నేను ఇదివరకు పనిచేసిన చోట ఇలాంటి క్విజ్‌లో మార్కులు తక్కువొచ్చాయని ప్రొబేషన్ పొడిగించారు. ఒక ప్రశ్నలో అయితే వక్త స్క్రీన్ మీద ఏ మెనూ చూపించారని అడిగారు. ఆ మెనూ అప్పటికే మారిపోయింది!

కొత్తట్రైనర్:
ఇది అది కాదండీ, మార్కులు ఎవరికీ వెళ్ళవు. రాసినవాళ్ళే జవాబు తిప్పి చూసుకుంటారు. కానీ మీరన్న మెనూ సంగతి మాకూ ఉంది. "ఇక్కడ ఇది నొక్కితే అది వస్తుంది" అని ట్రాన్స్‌క్రిప్ట్‌లో చాలాచోట్ల ఉంది. ఏది నొక్కితే ఏదొస్తుందో చదివితే తెలియడం లేదు.

శిక్షణగది:
వాటికి వీడియో చూసి బటన్ పేరు రాసుకోవడం తప్ప దారి లేదు. అయినా బటన్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, స్క్రీన్ ముందు కూర్చుంటే కనిపిస్తుంది. స్క్రీన్ చెప్పనిది అడగండి: ఎప్పుడు ఆగాలి, ఎవరికి పంపాలి, ఏది చేయకూడదు. ఈ జల్లెడ పడితే 70 నిమిషాల్లో పన్నెండు, పదిహేను ప్రశ్నలు మిగులుతాయి. అరవై ఇస్తే పదో ప్రశ్నకే ట్యాబ్ మూసేస్తారు.

ఆప్షన్ల సంగతి. నాలుగు కళ్ళముందుంటే సరైనదాన్ని గుర్తుపట్టొచ్చు. ఫోన్‌లో కస్టమర్ ఆప్షన్లు ఇవ్వరు కదా! మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక పాఠాన్ని కొందరు మళ్ళీ చదివారు, కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళదే పైచేయి. కాబట్టి వెబినార్ అయిపోగానే ఒకసారి, వారం ఆగి అవే ప్రశ్నలు ఇంకోసారి ఇవ్వండి.

వరసక్రమం:
ఆప్షన్లు లేకపోతే దిద్దేదెవరు? ఏదో రాసి, జవాబు చూసి, "ఆ, నేనూ ఇదే అనుకున్నా" అని టిక్ పెట్టుకుంటారు.

శిక్షణగది:
పెట్టుకుంటారు, అందులో అనుమానం లేదు. అందుకే జవాబును ఒక వాక్యంగా వదిలేయకుండా, తప్పనిసరిగా ఉండాల్సిన అంశాలుగా విడగొట్టాలి. పై ప్రశ్నకు ఇలా: "అప్పటికప్పుడు మార్చను. ఖాతాలో ఉన్న పాత నంబర్‌కి కాల్ చేస్తాను. కలవకపోతే సూపర్‌వైజర్‌కి పంపుతాను (14:20, 58:07). మూడూ రాస్తేనే సరైనట్టు. కొత్త నంబర్‌కి తిరిగి కాల్ చేస్తానని రాస్తే తప్పు, ఎందుకంటే ఎత్తేది అడిగిన మనిషే." ఆ చివరి వాక్యం ముఖ్యం. కొత్తవాళ్ళు ఎక్కువగా జారేది అక్కడే. అయితే ఆ కారణం వక్త నోట రాకపోతే, అది మీరు చేర్చినదని గుర్తు పెట్టండి.

ప్రశ్నలు పంచే ముందు ఇద్దరికి చూపించండి. వెబినార్ చూడనివాళ్ళు కూడా సరిగ్గా రాసేస్తే, ప్రశ్నలోనే జవాబు దొరికిపోతోందన్నమాట. బాగా తెలిసిన సీనియర్ మీ జవాబుకు భిన్నంగా రాస్తే ప్రశ్న అస్పష్టంగా ఉండాలి, లేదా అసలు పద్ధతే మారి ఉండాలి.

నాణ్యతవిభాగం:
ఆ "పద్ధతే మారి ఉండాలి" దగ్గర నాకు పేచీ ఉంది. వెబినార్ పాతబడుతుంది, మాన్యువల్ మారుతూ ఉంటుంది. రెండూ విభేదిస్తే జవాబు మాన్యువల్ ప్రకారమే ఉండాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంది కదా అని పాత నియమం నేర్పితే ఎలా?

వరసక్రమం:
అప్పుడు అది వెబినార్ మీద పరీక్ష ఎలా అవుతుంది? వీడియోలో ఒకటి విని, జవాబులో ఇంకొకటి చూస్తే కొత్తవాళ్ళు దేన్ని నమ్మాలి? ఆ ప్రశ్నే తీసేయండి.

శిక్షణగది:
తీసేస్తే వీడియోలో విన్న పాత నియమం అలాగే బుర్రలో ఉండిపోతుంది. నేనైతే ప్రశ్న ఉంచి, జవాబు మాన్యువల్ ప్రకారం రాసి, "వీడియోలో ఈ చోట పాత పద్ధతి విన్నారు" అని ఒక వాక్యం చేరుస్తాను. కానీ అలాంటివి మూడు నాలుగు దాటితే ప్రశ్నలతో సర్దుకునే పని కాదు, వీడియోలో ఆ భాగం మళ్ళీ రికార్డు చేయాల్సిందే.

నాణ్యతవిభాగం:
మళ్ళీ రికార్డు చేయడానికి ఎవరు ఒప్పుకుంటారండీ? పైగా ఏ పద్ధతి మారిందో ప్రశ్నలు రాసేవాళ్ళకు ఎవరు చెప్తారు?

కొత్తట్రైనర్:
58వ నిమిషం లాంటివి మా ట్రాన్స్‌క్రిప్ట్‌లోనూ వెతికాను. "ఇవ్వొచ్చు" అని ఉన్న ఒకచోట ఆడియోలో "ఇవ్వొద్దు" అని వినిపించింది. ఇంకోచోట ఇద్దరు ఒకేసారి మాట్లాడటంతో ఏమన్నారో తేలలేదు. ఆ ప్రశ్న పక్కన పెట్టి వక్తనే అడుగుతున్నాను. మాన్యువల్ గొడవ మాత్రం మా దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది.