‘కలవరిస్తున్నవు’ అంటే కల వచ్చినట్టేనా?

దేవరకొండ కోడలు: నాకు ఎనిమిదో నెల. నిన్న కలలో నల్లగొండ బస్టాండులో దిగాను, బిడ్డను మాత్రం బస్సు సీటు మీదే మరిచిపోయాను. బస్సు వెనక ఉరుకుతుంటే మెలకువ వచ్చింది. మా అత్తమ్మ “రాత్రి బాగ కలవరించినవు బిడ్డా” అన్నది. కలవరించడంలో ఉన్నది ఈ ‘కల’నేనా? ఈ నెలల్లోనే ఇట్లాంటి కలలెందుకు?

నిడమనూరు మాస్టారు: కల, వరించు. కల వచ్చి మనిషిని వరిస్తే కలవరింత. సులువే.

మక్తల్ సారు: వినడానికి బాగుంది మాస్టారూ, కుదరదు. కలవరానికి ‘కళవళం’ అనే రూపం కూడా ఉంది. మా దిక్కు కన్నడం మాట్లాడేవాళ్లు దిగులును ఇప్పటికీ ‘కళవళ’ అంటారు. అసలు అర్థం మనసు చెదరడం అనుకుంటాను. నిద్రలో మాటలు తర్వాత చేరి ఉంటాయి.

మాస్టారు: మరి పలవరింత?

సారు: అది ప్రలాపం దిక్కు పోతుందేమో. పందెం కాయను.

హాలియా అక్క: మా అక్కకు కడుపుతో ఉన్నప్పుడు కలలో పాము వచ్చింది, కొడుకే పుట్టాడు.

నకిరేకల్ నర్సమ్మ: మా చెల్లెకూ పామే వచ్చింది, ఆడపిల్ల పుట్టింది! దేవరకొండ చెల్లే, బిడ్డ తప్పిపోవడం, మరిచిపోవడం, నీళ్లు, జంతువులు, కాన్పు... మా వార్డులో రోజూ వినే కలలే ఇవి. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగితే పగలు మత్తుగా ఉంటుంది, మాటిమాటికీ మూత్రం వస్తుంది. దానికి తోడు ఈ నెలల్లో బిడ్డ తన్నులు, నడుం నొప్పి. నిద్ర ముక్కలవుతుంది. కల నడిచే నిద్ర తెల్లవారుజామున ఎక్కువసేపు ఉంటుంది. దాని మధ్యలో లేస్తే కల మొత్తం గుర్తుంటుంది, పొద్దుదాకా పడుకుంటే మరిచిపోతాం. ఈ నెలల్లో ఆ నిద్ర పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. గుర్తుండేదే ఎక్కువ. హార్మోనే నేరుగా కలను తయారుచేస్తుందని మాత్రం నేననను. బస్సు, బిడ్డ నీ టెన్షన్‌లోంచి వచ్చినవే.

కోడలు: కాన్పయితే ఆగిపోతాయా?

నర్సమ్మ: వెంటనే ఆగకపోవచ్చు. బిడ్డ దుప్పట్లో ఇరుక్కుందని నిద్రలోనే పక్కంతా తడుముతారు కొందరు బాలింతలు. బిడ్డేమో ఉయ్యాలలో ఉంటుంది. పీడకలలకు భయపడి పడుకోవడమే మానేసినా, పగలూ ఆ భయం వదలకపోయినా డాక్టరమ్మకు చెప్పు. ఇంతకూ నువ్వు కలవరించింది ఎన్ని గంటలకు?

కోడలు: అత్తమ్మ లెక్కన రెండింటికి. “చిల్లర లేదు, చిల్లర లేదు” అన్నానట. బస్సు కలకు మెలకువ వచ్చింది నాలుగున్నరకు.

నర్సమ్మ: అయితే రెండూ వేరు వేరు. కల లేని నిద్రలో కూడా మాటలు వస్తాయి.

మాస్టారు: చిల్లర అడిగేది కండక్టరే కదమ్మా. బస్సు రెండింటికే ఎక్కి ఉంటావు.